గ్లాసులో ముందు ఒక్క గుక్కే ఎందుకు పోస్తారు: కార్క్ వాసన, గాలి తగిలిన వైన్

రెస్టారెంట్లో వైన్ సీసా ఆర్డర్ చేస్తే ముందు లేబుల్ చూపిస్తారు. మన ఎదుటే కార్క్ తీస్తారు. గ్లాసులో ఒక గుక్కకు సరిపడా పోసి ఆగుతారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లంతా మనవైపే చూస్తుంటారు. ఆ టెన్షన్‌లో చాలామంది గ్లాసును పెదవులకు తగిలించి "బాగుంది" అనేస్తారు. ఆ మాటతో సీసా మనదైపోతుంది. ఆ తర్వాత వైన్ చప్పగా ఉన్నా, ఏదో తేడా కొడుతున్నా, డబ్బు పెట్టాం కదా అని తాగేస్తారు.

ఆ గుక్క పోసేది మనకు నచ్చిందో లేదో అడగడానికి కాదు. కాబెర్నే ఆర్డర్ చేసి మరీ వగరుగా ఉందని వెనక్కి పంపడం సరికాదు, అది ఆ ద్రాక్ష స్వభావం. అక్కడ అడిగే ప్రశ్న ఒక్కటే: ఈ సీసా తయారుచేసినవాళ్లు చేసినట్టుగానే ఉందా, మధ్యలో ఏమైనా పాడైందా? దీనికి జవాబు చెప్పడానికి వైన్ గురించి పెద్దగా చదివి ఉండక్కర్లేదు. ఏ వాసన దేని నుంచి వస్తుందో, గ్లాసులో పది నిమిషాలు ఉంటే అది ఎటు పోతుందో తెలిస్తే చాలు.

వైన్ పాడయ్యే దారులు చాలానే ఉన్నాయి. వెనిగర్ వాసన, నెయిల్ పాలిష్ రిమూవర్ వాసన, గుర్రాల కొట్టం వాసన, ఇలా ఒక్కోదానికీ ఒక్కో కారణం. అయితే భోజనానికి వెళ్లిన మనిషికి ఎక్కువగా ఎదురయ్యేవి రెండు. ఒకటి కార్క్ టెయింట్, అంటే కార్క్ నుంచి వైన్‌కు పట్టే చెడు వాసన, అలాంటి సీసాను కార్క్డ్ అంటారు. రెండోది ఆక్సిడేషన్, అంటే గాలి తగిలి పాడవడం. మొదటిది సీసా మూసిన రోజే లోపల చేరుతుంది. రెండోది గాలి వల్ల కాలంతో పాటు వస్తుంది. ఇందులో మొదటిదాన్నే ఎక్కువమంది పట్టుకోలేకపోతారు. ఎందుకో చెప్పడానికే ఎక్కువ చోటు తీసుకుంటాను.

గ్రాములో వంద కోట్లవ వంతు

సహజమైన కార్క్ ఒక ఓక్ చెట్టు బెరడు. ప్రపంచంలో తయారయ్యే కార్క్‌లో సుమారు సగం పోర్చుగల్ నుంచే వస్తుంది. చెట్టును నరకరు, బెరడు మాత్రమే ఒలుస్తారు. అక్కడ మళ్లీ ఒలవాలంటే కనీసం తొమ్మిదేళ్లు ఆగాలి. ఏళ్ల తరబడి ఎండలో, వానలో ఉండే బెరడు కాబట్టి దాని సందుల్లో బూజు, శిలీంధ్రాలు ఉండటం మామూలే. వాటివల్ల నేరుగా ముప్పేమీ లేదు. క్లోరోఫినాల్స్ అనే రసాయనాలు వాటికి ఎదురైనప్పుడే సమస్య మొదలవుతుంది. పాతకాలపు పురుగుమందుల్లో, కలపకు పట్టించే మందుల్లో ఇవి ఉండేవి. కార్క్‌లను తెల్లగా చేయడానికి క్లోరిన్ వాడినప్పుడు కూడా పుట్టేవి. శిలీంధ్రానికి ఇవి విషం. ఆ విషాన్ని విరుచుకోవడానికి అది వాటిని వేరే పదార్థంగా మార్చేస్తుంది. ఆ కొత్త పదార్థమే 2,4,6-ట్రైక్లోరోఅనిసోల్, పొట్టిగా టీసీఏ. శిలీంధ్రం బతికిపోతుంది, కార్క్‌లో మాత్రం టీసీఏ మిగిలిపోతుంది.

కార్క్ వాసనకు ప్రధాన కారణం ఇదేనని స్విట్జర్లాండ్‌కు చెందిన హాన్స్ టానర్, ఆయన సహచరులు 1980ల మొదట్లో తేల్చారు. ఆ తర్వాత పరిశ్రమ క్లోరిన్‌ను వదిలేసి హైడ్రోజన్ పెరాక్సైడ్‌కు మారింది. ఇప్పుడు కొన్ని కంపెనీలు ఖరీదైన కార్క్‌లను ఒక్కొక్కటిగా యంత్రంతో పరీక్షించి అమ్ముతున్నాయి. కార్క్‌ను పొడి చేసి, అధిక పీడనంలో ఉన్న కార్బన్ డయాక్సైడ్‌తో శుభ్రం చేసి, మళ్లీ కార్క్‌గా అతికించే పద్ధతి కూడా ఉంది. వీటివల్ల సమస్య బాగా తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. పాత వింటేజ్ సీసాలు, అంటే ఎన్నో ఏళ్ల కిందటి ద్రాక్ష పంటతో చేసినవి, తెరిచేవాళ్లకు ఇంకా తరచుగానే ఎదురవుతుంది.

పూర్తిగా ఎందుకు పోలేదంటే, దీనికి కావలసిన మోతాదు నమ్మలేనంత తక్కువ. లీటరు వైన్‌లో రెండు నుంచి ఐదు నానోగ్రాముల టీసీఏ ఉంటే చాలు, చాలామంది ముక్కుకు తెలిసిపోతుంది. నానోగ్రాము అంటే గ్రాములో వంద కోట్లవ వంతు. లీటరుకు ఐదు నానోగ్రాముల లెక్కన చూస్తే ఒక్క గ్రాము టీసీఏ 25 కోట్లకు పైగా సీసాలను పాడుచేయగలదు. ఇంత తక్కువ మోతాదు ఆరోగ్యానికి హాని చేయదు. పొరపాటున తాగినా భయం అక్కర్లేదు. నష్టమల్లా రుచికీ, జేబుకే.

కంపు కొట్టకపోయినా కార్క్డే కావచ్చు

టీసీఏ ఎక్కువగా ఉన్న సీసాను ఎవరైనా పట్టేస్తారు. తడిసిన అట్టపెట్టె, వానాకాలంలో చెమ్మ పట్టిన గోనెసంచి, ఏళ్ల తరబడి మూసి ఉంచిన గది. గ్లాసు ముక్కు దగ్గరికి తేగానే ఇవే గుర్తొస్తాయి. అలాంటప్పుడు సందేహమే ఉండదు, వెనక్కి పంపేస్తారు.

చిక్కంతా టీసీఏ కొద్దిగా ఉన్న సీసాతోనే. అప్పుడు తడి అట్ట వాసనేమీ రాదు. వైన్‌లో ఉండాల్సిన పండు వాసన మాత్రం కనిపించకుండా పోతుంది. వాసన మూగబోతుంది, రుచి పలచబడుతుంది, మింగాక నాలుక మీద నిలవాల్సింది వెంటనే ఆగిపోతుంది. వగరు, పులుపు మాత్రం అలాగే ఉంటాయి. పండు లేకపోవడంతో అవి ఇంకా మొరటుగా తెలుస్తాయి. ఇలాంటి గ్లాసు తాగిన మనిషి సీసా పాడైందని అనుకోడు. "ఈ వైన్ ఇంతే కాబోలు" అనుకుంటాడు, లేదా "నాకు వైన్ అర్థం కాదు" అని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు. ఒక మంచి తయారీదారు పేరు అలా ఎన్ని బల్లల దగ్గర పోతుందో తలచుకుంటే నాకు బాధేస్తుంది. కంపు కొట్టే సీసాకైతే బదులు సీసా వస్తుంది. మూగబోయిన సీసాకు అదీ రాదు.

ఇలా ఎందుకవుతుందో 2013లో జపాన్‌లోని ఒసాకా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపించారు. నీటిబల్లుల ముక్కులోని వాసన కణాల మీద వాళ్లు టీసీఏను ప్రయోగించారు. వాసన తగిలినప్పుడు ఆ కణాల గోడలో కొన్ని ద్వారాలు తెరుచుకుని మెదడుకు సంకేతం వెళ్లాలి. అతి స్వల్ప మోతాదులోనే టీసీఏ ఆ ద్వారాలను అణచివేసింది. అంటే టీసీఏ తన వాసనను వైన్‌కు పులమడంతో ఆగిపోదు, మిగతా వాసనలను పట్టుకునే శక్తినే మన ముక్కులో తగ్గిస్తుంది. "పండు మాయమైంది" అని వైన్ తాగేవాళ్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్న మాటకు ఇది చాలా దగ్గరగా సరిపోతుంది.

ఇక్కడ ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. టీసీఏ వాసనకు ముక్కు చాలా త్వరగా అలవాటు పడిపోతుంది. మొదటి పీల్పులో స్పష్టంగా తెలిసింది, వెంటవెంటనే నాలుగైదు సార్లు పీల్చేసరికి తెలియకుండా పోవచ్చు. అందుకే మొదటి పీల్పులో తట్టినదాన్ని నమ్మండి. అనుమానం వస్తే గ్లాసు పక్కన పెట్టేయండి. మంచినీళ్లు తాగి, మామూలు గాలి కాసేపు పీల్చి, ఆ తర్వాత మళ్లీ చూడండి.

ఒక బల్ల దగ్గర జరిగింది

హైదరాబాద్‌లో ఒక రెస్టారెంట్లో మిత్రులతో భోజనానికి కూర్చున్నప్పుడు ఇటలీ నుంచి వచ్చిన కియాంటి క్లాసికో ఆర్డర్ చేశాం. అది ప్రధానంగా సాంజోవేసె అనే ద్రాక్షతో చేసే రెడ్ వైన్. పుల్లటి చెర్రీ, ఎండు ఆకుల వాసన, చురుకైన పులుపు, మోస్తరు వగరు దాని లక్షణాలు. గ్లాసులో పోశాక రంగు బాగానే ఉంది, నిగనిగలాడే ఎరుపు, గోధుమ ఛాయ లేదు. వాసన చూస్తే చెడ్డగా ఏమీ లేదు. అసలు వాసనే లేదు. గ్లాసును గట్టిగా తిప్పి చూశాను, అడుగున ఎక్కడో కొంచెం దుమ్ము వాసన లాంటిది తగిలింది. నోట్లో పోసుకుంటే పులుపు ఉంది, వగరు ఉంది, చెర్రీ లేదు.

ఇలా ఉండటానికి మామూలు కారణాలు కూడా ఉంటాయి. వాటిని ముందు పక్కకు పెట్టాలి. మొదటిది చల్లదనం. ఫ్రిజ్‌లోంచి తీసిన వైన్ ఏదైనా పెద్దగా వాసన ఇవ్వదు. గ్లాసు గిన్నె భాగాన్ని రెండు అరచేతులతో పట్టుకుని రెండు మూడు నిమిషాలు వెచ్చబరిచాను. రెండోది, కొత్తగా తెరిచిన వైన్ కొన్నిసార్లు ముడుచుకుని ఉంటుంది, గాలి తగిలితే విచ్చుకుంటుంది. అందుకని పది నిమిషాలు ఆగాను. వైన్ వెచ్చబడ్డాక చెర్రీ బయటికి రాలేదు సరికదా, ఆ దుమ్ము వాసన ఇంకా తేటగా తెలిసింది. ఇది గట్టి ఆధారం. ముడుచుకున్న వైన్ గాలి తగిలితే మెరుగవుతుంది. టీసీఏ ఉన్న వైన్ మెరుగవదు, చాలాసార్లు ఇంకా బయటపడుతుంది.

వెయిటర్‌ను పిలిచాను. "సర్, ఇటాలియన్ వైన్ కొంచెం డ్రైగానే ఉంటుంది సర్" అన్నాడు. డ్రై అంటే తీపి లేకపోవడం. తప్పుగా ఏమీ అనలేదు, అతనికి నేర్పినది అతను చెప్పాడు.

"డ్రైగా ఉండటం గురించి కాదండీ. కార్క్డ్ అని నా అనుమానం. మీ దగ్గర వైన్ చూసుకునేవాళ్లను ఒకసారి వాసన చూడమనండి" అన్నాను.

అతను వెళ్లి సొమెలియేను తీసుకొచ్చాడు. ఆమె శుభ్రమైన గ్లాసులో కొంచెం పోసుకుని ఒక్కసారి పీల్చి, వెంటనే ఇంకో సీసా తెప్పించింది. అదే తయారీదారు, అదే వింటేజ్. రెండు గ్లాసులు పక్కపక్కన పెట్టింది. రెండో గ్లాసు ముక్కు దగ్గరికి రాకముందే చెర్రీ వాసన వచ్చేసింది. నా పక్కన కూర్చున్న మిత్రుడు అంతకు ముందు మొదటి గ్లాసు సగం తాగేశాడు. రెండూ వాసన చూసి "ఇదేంట్రా, రెండూ ఒకటే వైనా!" అన్నాడు.

కొద్దిపాటి టీసీఏను నిర్ధారించుకోవడానికి రెండో సీసాతో పోల్చడాన్ని మించిన దారి నాకు తెలియదు. ఒక్క సీసా ముందు పెట్టుకుని అనుభవజ్ఞులు కూడా తడబడతారు. పైగా ఒక్కొక్కరి ముక్కు ఒక్కోలా ఉంటుంది, ఒకరికి రెండు నానోగ్రాములే తెలిస్తే ఇంకొకరికి పది కావాలి. బల్ల దగ్గర ఒకరికి కంపు కొట్టి మరొకరికి ఏమీ అనిపించకపోతే ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

కార్క్‌ను వాసన చూస్తే తెలుస్తుందా?

తెలియదు. కార్క్ తీసి బల్ల మీద పెడతారు కాబట్టి దాన్ని వాసన చూడాలని చాలామంది అనుకుంటారు. మంచి కార్క్ కూడా కొంచెం చెక్క వాసన వేస్తుంది. బూజు పట్టినట్టున్న కార్క్ కింద వైన్ శుభ్రంగా ఉండొచ్చు, ఏ మచ్చా లేని కార్క్ కింద వైన్ పాడై ఉండొచ్చు. తీర్పు గ్లాసులో ఉన్నదాని మీదే చెప్పాలి.

కార్క్‌ను కళ్లతో చూస్తే మాత్రం కొంత తెలుస్తుంది, అదీ టీసీఏ గురించి కాదు, వేడి గురించి. కార్క్ సీసా మూతి కంటే పైకి పొడుచుకొచ్చి ఉన్నా, దాని పక్కల వెంట పైదాకా వైన్ పాకి మరక కట్టి ఉన్నా, ఆ సీసా ఎక్కడో బాగా వేడెక్కిందని అనుమానించాలి. వేడికి వైన్ వ్యాకోచించి కార్క్‌ను పైకి తోస్తుంది. మళ్లీ చల్లబడినప్పుడు ఆ సందులోంచి గాలి లోపలికి లాక్కుంటుంది. యూరప్‌లో బయల్దేరిన సీసా ఓడలో, రేవులో, లారీలో, గోడౌన్లో ఉండి ఏప్రిల్, మే నెలల్లో మన విజయవాడకో వరంగల్‌కో చేరితే ఏం జరుగుతుందో ఊహించుకోవచ్చు. ఆ తర్వాత ఏసీ లేని వైన్ షాపులో పై అర మీద నెలల తరబడి నిలబడితే ఇంక చెప్పక్కర్లేదు. వేడికి పాడైన రెడ్‌లో తాజా పండుకు బదులు ఉడికించిన జామ్ వాసన, కాచిన పంచదార వాసన వస్తాయి. మన దగ్గర టీసీఏ కంటే ఇదే పెద్ద సమస్యని నా అభిప్రాయం. ఇక్కడి నుంచి ఆక్సిడేషన్‌కు ఒక్క అడుగే.

గాలి చేసే పని

కోసిన యాపిల్ ముక్క కాసేపటికి గోధుమ రంగులోకి తిరగడం అందరూ చూసిందే. వైన్ కూడా గాలి తగిలితే అలాంటి మార్పుకే లోనవుతుంది. ఆక్సిజన్ ముందు వైన్‌లోని ఫినాల్స్‌తో, అంటే రంగుకూ వగరుకూ కారణమైన పదార్థాలతో కలుస్తుంది. వైన్‌లో సహజంగా అతి కొద్దిగా ఉండే ఇనుము ఈ పనికి సాయం చేస్తుంది. ఆ క్రమంలో పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్ వైన్‌లోని ఆల్కహాల్‌ను అసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. దెబ్బ తగిలి మెత్తబడిన యాపిల్ వాసన ఎక్కువగా దీనిదే. దీన్ని ఆపడానికే తయారీదారులు సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. అది పెరాక్సైడ్‌ను ఖర్చు చేసేస్తుంది, పుట్టిన అసిటాల్డిహైడ్‌ను కూడా పట్టి ఉంచుతుంది. సల్ఫర్ అయిపోయేదాకా వైన్ తాజాగా ఉంటుంది, ఆ తర్వాత మార్పు వేగం అందుకుంటుంది.

దీన్ని పట్టుకోవడం టీసీఏ కంటే తేలిక, ఎందుకంటే కంటికి కూడా కనిపిస్తుంది. గ్లాసును తెల్లటి నాప్కిన్ ముందు కొంచెం వంచి అంచు దగ్గర రంగు చూడండి. ఏడాది, రెండేళ్ల వయసున్న వైట్ వైన్ లేత గడ్డి రంగులో, కొంచెం ఆకుపచ్చ మెరుపుతో ఉండాలి. అది ముదురు బంగారు రంగులోకి, ఇంకా దాటి టీ డికాషన్ రంగులోకి తిరిగితే అనుమానించాలి. రెడ్ అయితే ఎరుపు వదిలి అంచు దగ్గర ఇటుక రంగుకు, గోధుమ రంగుకు మారుతుంది. కానీ రంగు ఒక్కటే చూసి తీర్పు చెప్పకూడదు. పదిహేనేళ్ల రెడ్‌కు ఇటుక అంచు సహజం. పీపాలో పెరిగిన షార్డనే అనే వైట్ వైన్ మొదటినుంచీ బంగారు రంగులోనే ఉండొచ్చు. లేబుల్ మీది సంవత్సరానికీ గ్లాసులోని రంగుకూ పొంతన ఉందా అన్నదే చూడాలి.

రంగు అనుమానం పుట్టిస్తే ముక్కు దాన్ని తేలుస్తుంది. వైట్‌లో నిమ్మ, పీచ్ లాంటి వాసనలు పోయి మెత్తబడిన యాపిల్, పాత అక్రోటు, తేనె మైనం లాంటివి వస్తాయి. రెడ్‌లో పండు ఎండిపోయి కిస్మిస్ వైపు వెళ్తుంది. నోట్లో ఉత్సాహం ఉండదు, చివర్లో కాస్త చేదు తగులుతుంది. వగరు పదార్థాలు తక్కువ కాబట్టి వైట్ వైన్‌కు గాలి ముందు తగులుతుంది. రెడ్ ఇంకాస్త ఓర్చుకుంటుంది.

గాలి తగలడం ఎప్పుడూ తప్పే అనుకోవద్దు. స్పెయిన్‌లో చేసే ఒలొరోసో షెర్రీ, పోర్చుగల్ దీవుల్లో చేసే మదీరా అనే వైన్లు కావాలనే గాలితో, మదీరా అయితే వేడితో కూడా, ఆ అక్రోటు రుచిని తెచ్చుకుంటాయి. వాటిని ఆ వాసన ఉందని వెనక్కి పంపితే నవ్వుతారు. అదే వాసన నిరుడు చేసిన సావిన్యాన్ బ్లాంక్ అనే వైట్ వైన్‌లో వస్తే అది లోపం. దీనికి పేరుమోసిన ఉదాహరణ ఫ్రాన్స్‌లోని బర్గండీ వైట్లు. ఇరవై ఏళ్లు నిలవాల్సిన ఖరీదైన సీసాలు 1990ల మధ్య వింటేజ్‌ల నుంచి ఏడెనిమిదేళ్లకే గోధుమ రంగు తిరిగి బయటపడ్డాయి. ఒకే పెట్టెలోని సీసాల్లో ఒకటి బాగుంటే పక్కది పాడయ్యేది. కార్క్ నాణ్యత, తక్కువ సల్ఫర్, ద్రాక్ష పిండే పద్ధతిలో మార్పులు, ఇలా కారణాలు చాలా చెప్పారు కానీ అన్నిటికీ ఒకే జవాబు దొరకలేదు.

అయితే ఆక్సిడేషన్ సామాన్యుడికి ఎదురయ్యేది బర్గండీలో కాదు, గ్లాసు లెక్కన అమ్మే వైన్‌లో. మెనూలో అయిదారు వైన్లు గ్లాసు ధరతో ఉంటాయి. అందులో ఎవరూ అడగనిది తెరిచిన సీసాలోనే మూడు నాలుగు రోజులు మిగిలిపోతుంది. సగం ఖాళీ అయిన సీసాలో సగం గాలే. బార్ కౌంటర్ మీద లైట్ల వేడిలో ఉంచితే మర్నాటికే తేడా తెలుస్తుంది. ఫ్రిజ్‌లో బిగించి పెట్టినది రెండు మూడు రోజులు ఓపుతుంది. ఆర్గాన్ వాయువు నింపే పరికరం ఉన్న చోట ఇంకా ఎక్కువ నిలుస్తుంది. అందుకే గ్లాసు ఆర్డర్ చేసే ముందు "ఈ సీసా ఎప్పుడు తెరిచారండీ?" అని అడగండి. ఇది మర్యాదైన ప్రశ్నే, మంచి చోట వెంటనే జవాబు చెబుతారు. నిన్నో మొన్నో అంటే ముందు కొంచెం రుచి చూపించమనండి. జవాబు చెప్పలేకపోతే బీర్ తెప్పించుకోవడం మేలు.

లోపం లాగా కనిపించి లోపం కానివి

కొన్నిటిని చూసి జనం సీసా వెనక్కి పంపుతుంటారు, అక్కర్లేదు. వైట్ వైన్ అడుగున గాజుపొడిలా మెరిసే పలుకులు టార్టారిక్ ఆమ్లం లవణాలు, వైన్ బాగా చల్లబడితే విడిపోతాయి. మన చింతపండులో పులుపు కూడా ఆ ఆమ్లానిదే. పాత రెడ్ అడుగున మడ్డి సహజం. గ్లాసులో కార్క్ ముక్కలు తేలితే అది కార్క్ తీసినవాళ్ల పొరపాటు, తీసేసి తాగొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ పొరపాటు పడేది గంధకం వాసన దగ్గర. సీసా తెరవగానే అగ్గిపుల్ల గీసిన వాసన, ఉడికించిన కోడిగుడ్డు వాసన వస్తే చాలామంది అదీ కార్క్డ్ అనుకుంటారు. ఇది దానికి సరిగ్గా వ్యతిరేకం. గాలి బొత్తిగా తగలకుండా పెరిగిన వైన్‌లో గంధకం సమ్మేళనాలు పోగవుతాయి. స్క్రూ క్యాప్ సీసాల్లో ఇది కాస్త ఎక్కువ. గ్లాసులో గట్టిగా తిప్పి పది నిమిషాలు ఉంచితే చాలాసార్లు ఎగిరిపోతుంది. టీసీఏ అలా పోదు. కాబట్టి ఏ వాసన దేనిదో తేల్చుకోలేకపోతే తిప్పి, ఆగి, మళ్లీ చూడండి. తగ్గితే గంధకం. అలాగే ఉంటే, లేదా పెరిగితే, కార్క్.

స్క్రూ క్యాప్ ఉంటే కార్క్ భయం లేనట్టేనా? దాదాపుగా. నాసిక్ నుంచి వచ్చే మన వైన్లలో చాలావాటికి ఇప్పుడు స్క్రూ క్యాపే ఉంటోంది, మన వేడికీ మన షాపులకూ అదే మంచిదని నా అభిప్రాయం. అయితే టీసీఏ కార్క్‌లోనే పుట్టాలని లేదు. వైనరీలోని కలప దూలాలు, పీపాలు, అట్టపెట్టెల నుంచి కూడా అది గాల్లో కలిసి వైన్‌లోకి చేరగలదు. అప్పుడు ఒక సీసా కాదు, మొత్తం ఉత్పత్తే చెడుతుంది. అరుదైన సంగతి గానీ, స్క్రూ క్యాప్ సీసాలో తడి అట్ట వాసన వచ్చిందంటే మీ ముక్కు మిమ్మల్ని మోసం చేసిందని అనుకోవద్దు.

చెప్పేదెలా

బల్ల దగ్గర తీర్పు చెప్పక్కర్లేదు, అనుమానం చెబితే చాలు. "ఇది కార్క్డ్ అనిపిస్తోంది, మీరూ ఒకసారి వాసన చూస్తారా?" అంటే ఎదుటివారు తల దించుకునే పని ఉండదు. తప్పు వాళ్లది కాదు కూడా, మూసిన సీసాలో ఏముందో తెరిచేదాకా ఎవరికీ తెలియదు. మంచి రెస్టారెంట్ ఇలాంటిదానికి వాదించదు. ఎంత తొందరగా చెబితే అంత మంచిది. ముప్పావు సీసా తాగాక చెబితే వినేవాళ్లకు నమ్మకం కలగదు. ఆలస్యంగా తెలిసినా మాత్రం ఊరుకోవద్దు, టీసీఏ వైన్ వెచ్చబడ్డాకే బయటపడటం సహజమని పైన చూశాం. కనీసం సగానికి పైగా సీసాలో మిగిలి ఉంటే అడగడంలో తప్పులేదు. మార్చమన్నప్పుడు అదే వైన్ ఇంకో సీసా అడగండి. టీసీఏ అయితే రెండోది బాగుండే అవకాశమే ఎక్కువ. వేడికి, గాలికి పాడైనదైతే ఒకేచోట నిలవ ఉన్న రెండోదీ అలాగే ఉండొచ్చు, అప్పుడు వేరే వైన్‌కు మారండి.

ఇంట్లో తెరిచిన సీసా పాడైందనిపిస్తే సింకులో పారబోయకండి. మిగిలినది సీసాలోనే ఉంచి, అదే కార్క్ బిగించి, బిల్లుతో పాటు కొన్న చోటికి తీసుకెళ్లండి. అమెరికాలో, బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు చాలా షాపుల్లో మార్చి ఇస్తారు. మన దగ్గర మామూలు వైన్ షాపులో ఇది జరగడం కష్టం. అందుకే కొనేటప్పుడే కార్క్ పైకి పొడుచుకొచ్చిందా, మూతి దగ్గర జిగట మరక ఉందా, వైట్ రంగు ముదిరిందా అని సీసాను వెలుతురులో తిప్పి చూసి, ముందు వరుసలోది కాకుండా లోపల చీకట్లో, చల్లగా ఉన్నది ఇవ్వమని అడగాలి.